పెళ్లి మ్యాప్‌కి పేరు పెట్టారా?

(అమలాపురంలో కార్డుల షాపులవాళ్లు, డిగ్రీ పిల్లలు కలిసి కూర్చున్న చిన్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

నమస్కారమండి. వెనక కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకి రండి, తెర మీద కోడ్ చూపిస్తాను, అక్షరాలు చిన్నవి. రండి రండి, ముందు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. పెళ్లి భోజనాల్లో అయితే ముందు బంతికి పరిగెత్తుతారు కదా, ఇక్కడికొచ్చేసరికి ఎందుకండీ మొహమాటం.

నేను చాలా ఏళ్లు కాగితం శుభలేఖలు కంపోజ్ చేశాను. ఇప్పుడు లింకు నొక్కితే తెరుచుకునే శుభలేఖలు చేస్తున్నాను. ఇవాళ మాట్లాడేది ఒక్క శుభలేఖ గురించే, మా అక్క కూతురి పెళ్లిది. ఇంట్లో పెళ్లి కాబట్టి డబ్బులు అడగడానికి లేదు. తిట్లు మాత్రం పడ్డాను. ఎవరిచేత? మా బాబాయిగారిచేత.

బాబాయిగారు నరసాపురంలో ఉంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, చూపు పూర్తిగా పోయి కొన్నేళ్లయింది. అయినా లాప్‌టాప్ వదల్లేదు. ఎన్‌వీడీఏ అని ఒక ప్రోగ్రాం ఉంది, విండోస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. పేపరు, ఉత్తరాలు, కరెంటు బిల్లు, అన్నీ దాంతోనే. నేను శుభలేఖ పంపిన రోజు సాయంత్రం ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? "ఒరేయ్, నీ శుభలేఖ అందింది. అందులో ఏముందో మాత్రం అందలేదు."

ఎందుకు అందలేదు? నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ప్రెస్సుకి పంపిన కార్డునే ఫొటోగా మార్చి పేజీలో పెట్టి, కింద ఒక మ్యాప్ అతికించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. బాబాయిగారికి వినపడింది ఏమిటి? ఒక బొమ్మ ఉంది అని. తర్వాత ఒక ఫ్రేమ్ ఉంది అని. ఆ ఫ్రేమ్‌లో ఏముందో అని లోపలికెళ్తే జూమ్ ఇన్, జూమ్ అవుట్ అని ఇంగ్లీషులో రెండు బటన్లు. అంతే. పెళ్లికూతురి పేరు లేదు, ముహూర్తం లేదు, ఊరు లేదు. సొంత మనవరాలి వరసైన పిల్ల పెళ్లికి ఆయనకి జూమ్ ఇన్ అని పిలుపు వెళ్లింది.

సరే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మూడు పనులు. అక్షరం అక్షరంగా ఉండాలి, అంచు అంచుగా ఉండాలి, మ్యాప్‌కి ఒక పేరుండాలి. మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అక్కడే నేను రెండోసారి కూడా బోల్తా పడ్డాను.

ముందు అక్షరాలు. కార్డు ఫైలు నా దగ్గరే ఉంది కదా, అందులోంచి కాపీ కొట్టి పేజీలో పెట్టేద్దామనుకున్నాను. ఇక్కడ డీటీపీవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ, చేతులు దించండి, మీకు తెలిసిందే. మన పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కాదు. లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూనే, వాటికి తెలుగు వేషం వేశారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో అది శ్రీరస్తు, పక్క కంప్యూటర్లో కప్పలూ తేళ్లూ. కాబట్టి మొత్తం యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. మార్చిపెట్టే పరికరాలు ఉన్నాయి, కానీ పేర్లున్న చోట వాటిని నమ్మి వదిలెయ్యకండి. ఒత్తు ఒకటి తేడా వస్తే పెళ్లికొడుకు తాతగారి పేరు మారిపోతుంది, ఆ గొడవ మూడు తరాలు నడుస్తుంది.

కొట్టాక పేజీ పైన ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

```html
<html lang="te">
<meta charset="utf-8">
```

రెండోది అక్షరాల కోసం, అది అందరూ పెడతారు. మొదటిది ఎవరూ పట్టించుకోరు. `lang="te"` అంటే ఇది తెలుగు అని చెప్పడం. ఎవరికి చెప్పడం? చదివే గొంతుకి. అది చూశాక ఎన్‌వీడీఏ తెలుగు గొంతు ఎత్తుకుంటుంది. చాలా తయారు పేజీల్లో అక్కడ `en` అని ఉంటుంది, మనం మార్చం. అప్పుడు ఇంగ్లీషు గొంతు వచ్చి మన అక్షరాల దగ్గర తడబడుతుంది, లేదా దాటేసి పోతుంది. నా మొదటి పేజీలో కూడా `en` అనే ఉంది. ఒక్క రెండక్షరాల మాట.

ఇంకో చిన్న సంగతి, ఇది కళ్లున్నవాళ్ల కోసమే. పైన పెద్ద అక్షరాల్లో పెళ్లికొడుకు పేరు వేశాను, పేరు చివర నాథ్ అని ఉంది. `h1` లో పెట్టాను. తెర మీద చూస్తే నాధ్ అని కనపడుతోంది! థ లో చుక్క ఏది? టైపు తప్పేమో అని చూస్తే కాదు. `h1` అంటే బ్రౌజర్ తనంతట తనే బోల్డ్ చేస్తుంది. నేను తీసుకున్న మండలి ఫాంట్‌కి బోల్డ్ లేదు, ఒకే మందం. లేనిదాన్ని బ్రౌజర్ ఏం చేసిందీ, ఉన్న అక్షరాన్నే ఉబ్బించింది. మన అక్షరాలు గుండ్రాలు కదండీ, ఇంగ్లీషు అక్షరం ఉబ్బితే లావవుతుంది, మన అక్షరం ఉబ్బితే కడుపు పూడుకుపోతుంది. థ లో చుక్క కలిసిపోయి ధ లాగ అయింది. `font-weight: 400` అని రాస్తే సరిపోయింది. లేదా బోల్డ్ నిజంగా ఉన్న ఫాంట్ తీసుకోండి, నోటో సాన్స్ తెలుగులో ఉంది. అలాగే వరసల మధ్య ఎడం ఇంగ్లీషు లెక్కన పెట్టకండి. లక్ష్మి అని రాస్తే కింద ఎంత దిగుతుందో చూడండి. `line-height` ఒకటిన్నరకి పైనే ఉండాలి, నేను 1.7 పెట్టాను. దగ్గర దగ్గరగా పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిదీర్ఘం మీద కూర్చుంటుంది.

ముహూర్తం రాసేటప్పుడు కార్డు మీద ఏమని వేస్తాం? "గురువారం రా. 2.17 ని.లకు" అని వేసి పక్కన "తెల్లవారితే శుక్రవారం" అంటాం. ఆ మాట తెలుగువాడికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదేమో గానీ మనకి కావాలి. అది తీసేసి ఉత్త తేదీ వేస్తే సగం మంది ఒక రోజు ముందొస్తారు, సగం మంది అప్పగింతలప్పుడు వస్తారు. పేజీలో కూడా అదే మాట ఉంచాను. "రా.", "ని.లకు" మాత్రం విప్పి రాశాను, రాత్రి 2 గంటల 17 నిమిషాలకు అని. చదివే గొంతుకి "ని" అంటే నిమిషం అని ఎవరు చెప్తారు?

ఇప్పుడు అంచు. మా అక్క ఒకటే పట్టు, కార్డు చుట్టూ మామిడి పిందెల అంచు ఉండాల్సిందే అని. మొదట నేను అంచుతో సహా మొత్తం ఒకే బొమ్మ చేసి దాని మీద అక్షరాలు పేర్చాను. ఫోన్లో తెరిస్తే అక్షరాలు అంచు మీదకెక్కాయి. బొమ్మకి ఒక కొలత ఉంది, ఫోన్లు తలా ఒక కొలత. అందుకని `border-image` వాడాలి. దీని లెక్క మన ఆడవాళ్లకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది, మగవాళ్లకే కష్టం. చీర అంచు లాంటిది.

ఒక చదరం బొమ్మ తీసుకోండి, 180 చుక్కలు ఇటు, 180 అటు. దాన్ని మూడు అడ్డ పట్టీలుగా, మూడు నిలువు పట్టీలుగా కోస్తే ఎన్ని ముక్కలు? తొమ్మిది. ఒక్కోటి 60. నాలుగు మూలల ముక్కలూ శుభలేఖ నాలుగు మూలలకి వెళ్తాయి, అచ్చం కాగితం కార్డుకి మనం పసుపు పెట్టే చోట. పక్కలనున్న నాలుగు ముక్కలూ ఆయా వైపులా వరసగా పరుచుకుంటాయి. మధ్య ముక్క? దాన్ని పారేస్తుంది, మనం అడిగితే తప్ప. నేను మూలల్లో చిన్న పసుపు బొట్టు, పక్క ముక్కలో ఒక మామిడి పిందె గీయించాను. ఒకే ఒక్క పిందె. అది పేజీ ఎంత పొడుగుంటే అన్నిసార్లు పడుతుంది.

```css
.subhalekha {
  border: 24px solid #b8860b;
  border-image: url("anchu.png") 60 round;
}
```

ఇందులో ఆ 60 పక్కన ఏమీ రాయకూడదు, ఉత్త అంకె. `px` అని తగిలిస్తే బ్రౌజర్ ఆ వరస మొత్తం పట్టించుకోదు. చివర `round` ఎందుకు? బండారులంక నేతగాళ్లని అడగండి. అంచు చివరికొచ్చేసరికి పువ్వు సగంలో తెగకూడదు. `repeat` అని పెడితే మూలల దగ్గర పిందె సగంలో తెగుతుంది. ఏమీ పెట్టకపోతే ఒకే పిందె పైనించి కిందదాకా సాగి పొట్లకాయ అవుతుంది. `round` పెడితే లోపల ఎన్ని పడతాయో చూసుకుని, అవసరమైతే కొంచెం కుదించో సాగదీసో, నిండు పిందెలే వేస్తుంది.

అన్నీ రాశాను, అంచు రాలేదు. ఉత్త బంగారు రంగు గీత వచ్చింది. ఫైలు పేరు చూశాను, సరిగ్గానే ఉంది. బొమ్మ విడిగా తెరిచాను, వస్తోంది. గంటసేపు. ఏమిటయ్యా అంటే, నేను ముందు `border-image` రాసి, దాని కింద `border` రాశాను. ఈ `border` అనేది చిన్న మాటలా కనపడుతుంది గానీ, అది వస్తూనే అంతకుముందు పెట్టిన అంచు బొమ్మని కూడా తుడిచేస్తుంది. పైన చెప్పినది కింద చెప్పినదాంతో కొట్టుకుపోయింది. `border` ముందు, `border-image` తర్వాత. వరస మార్చగానే పిందెలు వచ్చేశాయి. ముందు రాసే ఆ బంగారు గీత కూడా వృథా కాదు, సిగ్నల్ లేని చోట బొమ్మ దిగకపోతే కనీసం ఆ గీతైనా ఉంటుంది.

ఇంతకీ బాబాయిగారికి అంచు వినపడాలా? అక్కర్లేదు. అలంకారం అలంకారమే. అంచుని ఇలా స్టైల్లో పెడితే చదివే గొంతు దాని జోలికి పోదు. అదే నలభై మామిడి పిందెలు నలభై బొమ్మలుగా పెట్టి ఉంటే? బొమ్మ, బొమ్మ, బొమ్మ అని నలభైసార్లు విని అప్పుడు పెళ్లికూతురి పేరు దగ్గరికొచ్చేవారు. ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఊరుకోవాలో పెళ్లి పెద్దకి తెలిసినట్టు పేజీకీ తెలియాలి.

ఇక మ్యాప్. అసలు మనకి మ్యాప్ ఎందుకంత ముఖ్యం? హైదరాబాదులో మండపం అంటే మెట్రో స్తంభం నంబరు చెప్తారు. మనకేముందండీ, నది మూడు పాయలుగా చీలిన చోటు, కాలవలు, లాకులు, గట్లు. మండపం కళ్ల ముందు కనపడుతూ ఉంటుంది, మధ్యలో కాలవ ఉంటుంది, వంతెన రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. కారులో కూర్చున్నవాడికి పన్నీరు వాసన కూడా వస్తుంది, లోపలికి మాత్రం రాలేడు.

మాది అంబాజీపేట మండపం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నాను. అందులో షేర్ నొక్కితే హెచ్‌టీఎంఎల్ అని ఒకటి ఉంటుంది, అది కాపీ చేసి అతికిస్తే పేజీలో మ్యాప్ వస్తుంది. అలా వచ్చేదాన్ని `iframe` అంటారు, అంటే మన పేజీలో గోడకి కన్నం పెట్టి వేరేవాళ్ల పేజీ చూపించడం. ఆ కన్నంలోంచి కనపడేది మనది కాదు. మనం పెట్టగలిగింది ఏమిటి? గుమ్మం మీద పేరు. ఆ పేరే `title`.

```html
<h2>పెళ్లి మండపానికి దారి</h2>
<iframe
  title="పెళ్లి మండపం మ్యాప్, అంబాజీపేట"
  src="https://www.openstreetmap.org/export/embed.html?bbox=81.93,16.58,81.97,16.61&marker=16.595,81.95"
  style="width:100%; height:320px; border:0"
  loading="lazy"></iframe>
```

కాపీ చేసిన కోడ్‌లో `title` ఉంటుందని అనుకోకండి, వెతికి చూడండి, లేకపోతే మీరే రాయాలి. ఎందుకు రాయాలో బాబాయిగారు చెప్పారు. ఎన్‌వీడీఏలో పేజీ చదువుతున్నప్పుడు M అక్షరం నొక్కితే తర్వాతి ఫ్రేమ్ దగ్గరికి గెంతుతుంది. అక్కడికెళ్లగానే ఆ పేరు వినపడుతుంది. పేరు వింటే, ఇందులోకి వెళ్లాలా, దాటి ముందుకెళ్లాలా అని ఆయన తేల్చుకుంటారు. పేరు లేకపోతే? తలుపు తీసి లోపలికెళ్లి, జూమ్ ఇన్ జూమ్ అవుట్ విని, ఇది మ్యాప్ కాబోలు అని ఊహించి బయటికి రావాలి. మీ ఇంటికి బోర్డు లేకపోతే పోస్ట్‌మ్యాన్ వంటింట్లోకొచ్చి గిన్నెలు చూసి మీ ఇంటిపేరు కనుక్కున్నట్టు.

సరే, `title` పెట్టాను. మొదట ఏం పెట్టానో చెప్పనా? "మ్యాప్" అని. నవ్వకండి, మీలో సగం మంది అదే పెడతారు. మా పేజీలో మ్యాప్‌లు రెండున్నాయి. ఒకటి అంబాజీపేట మండపం, ఇంకోటి భీమవరంలో మగపెళ్లివారి రిసెప్షన్. రెండింటికీ మ్యాప్ అనే పేరు. బాబాయిగారు M నొక్కారు, మ్యాప్. మళ్లీ నొక్కారు, మ్యాప్. "ఇద్దరు కొడుకులకీ అబ్బాయి అని పేరు పెట్టినట్టుందిరా" అన్నారు.

అప్పుడు ఇంకో తప్పు, దీనికి రివర్స్‌లో. అడ్రసంతా పేరులో కుక్కాను. మండపం పేరు, రోడ్డు, ఎదురుగా ఉన్న కొబ్బరి మార్కెట్టు, పిన్‌కోడ్, ముహూర్తం కూడా. దాని దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. దాటిపోదామని వచ్చినవాడు కూడా వినాల్సిందే. పేరుకి పేరంతే కావాలి. ఏం మ్యాప్, ఏ ఊరు. "పెళ్లి మండపం మ్యాప్, అంబాజీపేట". "రిసెప్షన్ మ్యాప్, భీమవరం". రెండూ వేరుగా ఉన్నాయి, రెండూ ఒక్క ఊపిరిలో అయిపోతాయి. ఫ్రేమ్ అనే మాట కూడా మీరు చేర్చకండి, అది ఆ గొంతే చెప్పుకుంటుంది.

ఇప్పుడు నేను బోల్తా పడిన సంగతి. ఈ పేరు మార్చే పని నేను బస్సులో చేశాను. రావులపాలెం నుంచి వస్తూ, ఫోన్లోనే, నోట్స్‌లో టైపు చేసుకుని తెచ్చి పేజీలో అతికించాను. ఇంటికెళ్లి చూశాను, అంతా బానే ఉంది, మ్యాప్ కనపడుతోంది. రాత్రి బాబాయిగారి ఫోన్. "ఒరేయ్, ఇప్పుడు పెళ్లి అంటోంది." "అవును బాబాయ్, పెళ్లి మండపం." "మండపం లేదురా. పెళ్లి అని ఊరుకుంటోంది."

ఎలా? నేను రాసింది మొత్తం పేరు. వినపడేది మొదటి మాట. మీరెవరైనా చెప్పగలరా? ఈ తెర మీద చూడండి, పై వరసా కింది వరసా.

```html
title="పెళ్లి మండపం మ్యాప్"
title=“పెళ్లి మండపం మ్యాప్”
```

తేడా కనిపించిందా? ఆ అమ్మాయి చెప్పింది, కొటేషన్ గుర్తులు. ఫోను కీబోర్డు అందం కోసం నిలువు గుర్తుల్ని వంకర గుర్తులుగా మార్చేస్తుంది. మనిషి కంటికి రెండూ ఒకటే. బ్రౌజర్‌కి ఆ వంకరవి గుర్తులే కాదు, అవి కూడా మామూలు అక్షరాలే. అంటే గుర్తులు లేకుండా రాసినట్టు లెక్క. గుర్తులు లేకపోతే మొదటి ఖాళీ రాగానే పేరు అయిపోయింది అనుకుంటుంది. అందుకే పెళ్లి దగ్గర ఆగింది. మిగిలిన మండపం, మ్యాప్, వాటిని ఏవో తెలియని గుణాలుగా పక్కన పడేసింది. తప్పు అని ఎర్ర గీత కూడా రాదు. మ్యాప్ మామూలుగా కనపడుతుంది కాబట్టి కళ్లున్న మనకి ఎప్పటికీ తెలీదు. కంప్యూటర్లో మౌస్ మ్యాప్ అంచు దాకా తీసుకెళ్లి కాసేపు ఆపితే ఒక్కోసారి పేరు చిన్న పెట్టెలో కనపడుతుంది గానీ దాన్ని నమ్ముకోకండి. ఫోన్లో అదీ ఉండదు. అందుకే పైన `h2` కూడా పెట్టాను, కళ్లున్నవాళ్లకి ఆ శీర్షిక, వినేవాళ్లకి ఈ పేరు.

ఇంకో మాట, మండపం పేరులోనే ఎవరైనా కొటేషన్ గుర్తులు పెట్టుకుంటారు చూశారా, ఫలానా "ఏసీ" ఫంక్షన్ హాలు అని, అది యథాతథంగా `title` లో రాస్తే మధ్యలో ఉన్న గుర్తు దగ్గరే పేరు తెగిపోతుంది. గుర్తులు తీసేసి రాయండి, ఏసీ వాళ్లకి ఎలాగూ తెలుస్తుంది.

తర్వాత ఆ అంకెలు. కోడ్‌లో `bbox` దగ్గర చూడండి, 81.93 ముందుంది, 16.58 తర్వాత. అంటే రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. పక్కనే `marker` దగ్గర? 16.595 ముందు. తిరగబడింది. ఒకే వరసలో రెండు పద్ధతులు. చేత్తో మార్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. `marker` లో 81.95 ముందు రాశామనుకోండి, మ్యాప్ కోనసీమదే వస్తుంది, గుర్తు మాత్రం కనపడదు. ఎక్కడికి పోయింది? ఉత్తర అక్షాంశం 81.95 అంటే ఉత్తర ధ్రువానికి దగ్గర, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవులకి పైన, ఆర్కిటిక్ సముద్రంలో. అక్కడ పీటలేసి కూర్చోబెట్టినట్టు. గుర్తు కనపడకపోతే ముందు ఈ రెండు అంకెలూ తారుమారయ్యాయేమో చూడండి. మన జిల్లాకి గుర్తేమిటంటే, 16 అక్షాంశం, 81 గానీ 82 గానీ రేఖాంశం.

వెడల్పు గురించి ఒక్క ముక్క. కాపీ చేసిన కోడ్‌లో వెడల్పు అంకెల్లో ఉంటుంది, 425 అనో 600 అనో. ఫోను తెర 360 ఉంటే మ్యాప్ అంచు దాటి బయటికి పొడుచుకొస్తుంది, అంత కష్టపడి తెచ్చిన మామిడి పిందెలు పాడు. అందుకని 100 శాతం. ఎత్తు మాత్రం తెరంత పెట్టకండి. వేలు ఎక్కడ పెట్టినా మ్యాపే కదులుతుంది, పేజీ కదలదు, మనిషి అందులో చిక్కుకుపోతాడు. 320 చాలు, పైనా కిందా వేలు పెట్టడానికి చోటుంటుంది.

అయితే పేరు పెట్టినంత మాత్రాన బాబాయిగారికి దారి తెలిసిందా? తెలీలేదు. పేరు ఆయనకి అది మ్యాప్ అని చెప్పింది, అంతే. లోపలున్నది బొమ్మ, దాన్ని ఏ గొంతూ చదవలేదు. ఇది చాలామంది మర్చిపోతారు. కాబట్టి మ్యాప్ కింద మాటల్లో దారి రాశాను. ఇది రాయడానికి పట్టిన టైము మిగతా పేజీ అంతటికీ పట్టలేదు, ఎందుకంటే ఇంట్లో ప్రతివాడూ ఒక దారి చెప్తాడు.

చివరికి ఇలా తేలింది. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లు రావులపాలెం దగ్గర హైవే దిగి కొత్తపేట మీదుగా. కాకినాడ వైపువాళ్లు యానాం, ఎదుర్లంక వంతెన, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపువాళ్లు చించినాడ వంతెన దాటి రాజోలు, తాటిపాక, పి.గన్నవరం మీదుగా. దాని కింద ఒక వాక్యం విడిగా: "సఖినేటిపల్లి రేవు మీదుగా రావద్దు, ముహూర్తం రాత్రి." ఈ వాక్యం ఏ మ్యాప్ చెప్తుందండీ? నరసాపురం నుంచి మ్యాప్ చూస్తే నది అవతల సఖినేటిపల్లి చెయ్యి చాపితే అందేంత దగ్గర. పగలైతే పంటు ఎక్కి దాటొచ్చు. రాత్రి పూట కారేసుకుని రేవులో నిలబడితే ఏముంటుంది, దోమలు. ఇది మనకి తెలుసు, హైదరాబాదు నుంచి వచ్చే పెళ్లికొడుకు స్నేహితుడికి తెలీదు.

ఆ కిందే "పెద్ద మ్యాప్ తెరవండి" అని ఒక లింకు, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫ్రేమ్ తెరుచుకోకపోయినా ఫోన్లో ఉన్న మ్యాప్ తెరుచుకుంటుంది. లింకు మీద "ఇక్కడ నొక్కండి" అని రాయకండి, బాబాయిగారు లింకులన్నీ జాబితాగా వింటారు, అందులో నాలుగు ఇక్కడ నొక్కండిలు ఉంటే ఎక్కడ నొక్కాలి?

పెళ్లి రోజు ఏం జరిగిందో చెప్పి ఆపేస్తాను. బాబాయిగారు, పిన్నిగారు, ఇంకో ఇద్దరు నరసాపురంలో కారెక్కారు. డ్రైవర్ కుర్రాడు కొత్తవాడు, తన ఫోన్లో దారి చూసుకుని తిన్నగా రేవు వైపు తిప్పాడట. వెనక సీట్లోంచి బాబాయిగారు, "బాబూ, రేవు కాదు, పాలకొల్లు వైపు పోనియ్యి, చించినాడ వంతెన" అన్నారట. వాడు అద్దంలో చూసి, "మీకెలా తెలిసిందండి ఎటు తిప్పానో?" అన్నాడట. "నీళ్ల వాసనొస్తోంది కదా" అన్నారట. జీలకర్ర బెల్లం వేళకి అరగంట ముందే వచ్చి కూర్చున్నారు. నన్ను చూడగానే, అదే, నా గొంతు వినగానే, "భీమవరం దాంట్లో మార్కెట్టు స్పెల్లింగు తప్పుంది" అన్నారు. సరిచేశాను లెండి.

ఇప్పుడు ఈ లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పెట్టి ఉంచాను. మీరు చేసిన శుభలేఖలు ఉంటే ఒక్కొక్కరూ వచ్చి తెరవండి, తెర కిందికి వంచేస్తాను, చూడకూడదు, M నొక్కి ఏం వినపడుతుందో చెప్పండి. ఇయర్‌ఫోను ఒకటే ఉంది, తోసుకోకండి. ముందు ఆ కిటికీ దగ్గర అబ్బాయి, నువ్వు రా బాబూ.